చుట్టాల దగ్గర, స్నేహితుల దగ్గర పాత కారు కొనేటప్పుడు: ధర మాట నుంచి ఆర్సీ మారేదాకా

తెలియనివాళ్ళ దగ్గర కారు కొంటే నాలుగుసార్లు తిప్పి చూస్తాం. మేనమామ దగ్గర కొంటే టీ తాగి తాళాలు జేబులో వేసుకుని వచ్చేస్తాం. గొడవ ఆరు నెలలకు బయటపడుతుంది. ఆర్సీ ఇంకా మామయ్య పేరునే ఉంటుంది, చలాన్లు ఆయన ఫోనుకే పోతుంటాయి. క్లచ్ పోయిందని ఇటు నుంచి, మిగతా యాభై వేలు రాలేదని అటు నుంచి మాటలు పెళ్ళిళ్ళలో నలుగురి చెవినా పడతాయి.

కింద చెప్పే పద్ధతికి ఒక ఉదాహరణ తీసుకుందాం. మేనల్లుడు కూకట్‌పల్లిలో ఉంటాడు, మేనమామ దిల్‌సుఖ్‌నగర్‌లో. కారు 2019 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 58,000 కిలోమీటర్లు తిరిగింది. ఇందులోని రూపాయల అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవే. మీ కారుకు మీ అంకెలు వేసుకోండి.

## 1. బేరానికి ముందు మూడు మాటలు

ధర గురించి నోరు విప్పకముందే మూడు విషయాలు తేల్చుకోవాలి. కారును బయట మెకానిక్‌కు చూపిస్తామని, ధరను ఒక లెక్క ప్రకారం కడదామని, ఆర్సీ మార్పిడి వెంటనే చేసుకుందామని. ఈ మాటలు ముందు అంటే పద్ధతిగా ఉంటుంది. ధర ఒప్పుకున్నాక అంటే అనుమానంలా వినిపిస్తుంది.

"మనలో మనకు కాగితాలెందుకురా?" అనే మాట తప్పకుండా వస్తుంది. దానికి నిజమైన జవాబు ఒకటుంది: కాగితం కొనేవాడికంటే అమ్మినవాడికే ఎక్కువ అవసరం. "మామయ్యా, రేపు నేను ఎవరికైనా గుద్దితే కోర్టు నోటీసు మీ ఇంటికొస్తుంది. ఆర్సీ నా పేరు మీదికి మారితే మీరు నిశ్చింతగా ఉంటారు" అని చెప్పండి.

ఇది బెదిరింపు కాదు. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ మధ్య కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. అందులో కారు వరసగా చాలా చేతులు మారింది కానీ ఆర్సీ మారలేదు. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రిజిస్ట్రేషన్‌లో పేరున్న మొదటాయనదేనని కోర్టు చెప్పింది.

ఇంకొకటి. ఇరువైపులా మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి. ధర మామయ్యతో, టైర్ల సంగతి అత్తయ్యతో, డబ్బు ఎప్పుడివ్వాలో బావతో మాట్లాడితే చివరికి ఎవరికి ఏం చెప్పామో మనకే గుర్తుండదు. ఏ మాట అనుకున్నా అదే రోజు వాట్సాప్‌లో రెండు వాక్యాలు పంపండి.

## 2. కాగితాలు చూడండి, కారు తర్వాత

ఆర్సీలో ఉన్న పేరు ఎవరిది? కుటుంబాల్లో మొదట తప్పేది ఇక్కడే. కారు నడిపేది బావ, ఆర్సీ పెదనాన్న పేరు మీద. లేదా బావ పనిచేసే కంపెనీ పేరు మీద. సంతకం పెట్టాల్సింది, డబ్బు తీసుకోవాల్సింది ఆర్సీలో పేరున్నవారే.

ఆ పేరున్నవారు చనిపోయి ఉంటే కారు ముందు వారసుల పేరు మీదికి మారాలి. దానికి ఫారం 31 వేరుగా ఉంది. అది పూర్తికాకుండా డబ్బివ్వకండి. వారసుల్లో ఒకరు తర్వాత అడ్డం తిరిగితే మధ్యలో ఇరుక్కునేది కొన్నవాడే.

ఫైనాన్స్ ఇంకా ఎక్కి ఉందా? లోను ఎప్పుడో కట్టేశారు గానీ ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉంటుంది. మన ఉదాహరణలో మామయ్యది ఇదే సంగతి. లోను తీరిపోయి రెండేళ్ళయింది, బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ బీరువాలో ఉంది. ఆ ఎన్‌ఓసీలకు మామూలుగా మూడు నెలలే గడువు రాసి ఉంటుంది. గడువు దాటితే బ్యాంకు నుంచి కొత్తది, దానితోపాటు బ్యాంకు సంతకం చేసిన ఫారం 35 రెండు కాపీలు తెప్పించుకోవాలి. ఇందుకు రోజులు పట్టొచ్చు కాబట్టి మొదటి వారంలోనే మొదలుపెట్టించండి.

లోను ఇంకా నడుస్తుంటే బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ తీసుకోమనండి. అందులో ఏ తేదీకి ఎంత కడితే లోను ముగుస్తుందో ఉంటుంది. ఆ మొత్తాన్ని కొనేవారు నేరుగా లోను ఖాతాకే కట్టాలి, మిగిలింది అమ్మేవారికివ్వాలి. మామయ్య చేతికిస్తే ఆయన కడతారులే అనుకోవద్దు. ఆయన మంచివారే కావచ్చు, మధ్యలో ఆసుపత్రి ఖర్చు వస్తే ఆ డబ్బు అటు పోతుంది.

ఇన్సూరెన్స్ పాలసీ. గడువు తేదీ ఒక్కటే చూసి పక్కన పెట్టకండి. నో క్లెయిమ్ బోనస్ ఎంత శాతం ఉందో చూడండి. క్లెయిమ్ లేకుండా గడిచే కొద్దీ అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. క్లెయిమ్ చేస్తే సున్నాకు పడిపోతుంది. ఏడేళ్ళ కారుకు 20 శాతమే ఉంటే ఈమధ్య ఏదో క్లెయిమ్ జరిగి ఉండొచ్చు. దాచారని కాదు, మర్చిపోయి ఉండొచ్చు. "మామయ్యా, ఈ బంపర్ ఎప్పుడైనా మార్పించారా?" అని అడిగితే గుర్తొస్తుంది.

చలాన్లు. తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో బండి నంబరు కొట్టి చూడండి. కారు వేరే రాష్ట్రాలకు తిరిగి ఉంటే కేంద్రం ఈ-చలాన్ వెబ్‌సైట్‌లోనూ చూడండి. డిస్కౌంట్ వచ్చినప్పుడు కడదామనే మాట మన ఊళ్ళో మామూలే. 2022లో, 2023 చివర్లో అలాంటి రాయితీలు వచ్చిన మాట నిజమే. కానీ ఇంకోటి వస్తుందని ఆగితే మార్పిడి ఆగిపోతుంది. తాళాలు చేతులు మారే రోజుకు అవన్నీ కట్టేసి ఉండాలి, కట్టాల్సింది అమ్మేవారు.

ఏపీ నంబరు బండి అయితే లెక్క మారుతుంది. విజయవాడలో ఉన్న చిన్నాన్న కారును హైదరాబాద్ తెచ్చుకుంటే అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ మొత్తం ఎంతో ముందే కనుక్కుని ధరలో కలిపి చూసుకోండి. అది చూడకుండా "తక్కువకే వచ్చింది" అనుకుంటే ట్యాక్స్ కట్టే రోజున తెలుస్తుంది.

రాష్ట్రం విడిపోకముందు ఇక్కడే రిజిస్టరైన కార్లకు కూడా ఏపీ అక్షరాలే ఉంటాయి. కాబట్టి నంబరు చూసి నిర్ణయించకండి, ఆర్సీలో ఏ ఆర్టీఏ ఆఫీసు పేరుందో చూడండి.

## 3. కారు చూపించడం

చుట్టాల కారులో ఒక లాభముంది: చరిత్ర మనకు కొంత తెలుసు. అయితే ఆ తెలియడమే మోసం చేస్తుంది. మామయ్య జాగ్రత్తగా నడుపుతారన్నది నిజం. ఆయన కారు రెండేళ్ళు ఎండలో నిలబడి ఉందన్నది కూడా నిజమే.

ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో సర్వీస్ హిస్టరీ అడగండి. అది సాధారణంగా ఓనరు అడిగితేనే ఇస్తారు కాబట్టి మామయ్యను వెంట తీసుకెళ్ళండి. అందులో ప్రతిసారి నమోదైన కిలోమీటర్లు వరసగా పెరుగుతున్నాయా, బాడీ షాప్ పనులు ఏమైనా ఉన్నాయా చూడండి. తర్వాత కారును లిఫ్ట్ ఎక్కించి కింద చూపించండి. మీకు తెలిసిన మెకానిక్ గానీ మామయ్య మెకానిక్ గానీ వద్దు, ఇద్దరికీ సంబంధం లేని మూడో మనిషి అయితే ఆ రిపోర్టును ఇద్దరూ ఒప్పుకుంటారు. ఖర్చు చెరిసగం.

హైదరాబాద్ కారులో ప్రత్యేకంగా చూడాల్సింది నీళ్ళు. 2020 అక్టోబరులో వానలకు చైతన్యపురి, సరూర్‌నగర్, టోలిచౌకి వైపు కాలనీలు మునిగాయి, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఉన్న కార్లు సీట్ల దాకా నీళ్ళలో నిలబడ్డాయి. ఆ తర్వాతా ఏ వానాకాలంలోనో ఏదో ఒక సెల్లార్ మునుగుతూనే ఉంది. మన ఉదాహరణలోని కారు ఆ ఏడు ఆ వైపునే ఉంది. కాబట్టి ఇది విడిచిపెట్టే విషయం కాదు.

చూసే పద్ధతి ఇది. డ్రైవర్ పక్క సీటు బెల్టును నెమ్మదిగా చివరిదాకా లాగండి. పైన శుభ్రంగా కనిపించే బెల్టు చివరి రెండు జానల్లో మట్టి రంగు చార కనిపిస్తే నీళ్ళు అంత ఎత్తుకు వచ్చాయని అర్థం. సీట్లు శుభ్రం చేయించేవాళ్ళు బెల్టును అంత దూరం లాగరు, అందుకే ఆ గుర్తు మిగిలిపోతుంది.

తర్వాత సీటును వెనక్కి జరిపి టార్చి వేసి కింద పట్టాలు, బోల్టులు చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంతలో చేత్తో తడమండి. ఒండ్రు మట్టి మూలల్లో ఏళ్ళ తరబడి ఉంటుంది. డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజు పెట్టె దగ్గర వైర్ల కనెక్టర్లకు పచ్చటి లేదా తెల్లటి పూత ఉంటే అది తడి తిన్న గుర్తు.

ఇవి ఎందుకు ముఖ్యమంటే, మునిగిన కారు ఇంజన్ బాగుచేస్తే నడుస్తుంది గానీ వైరింగ్ నడవదు. ఒక నెల పవర్ విండో పనిచేయదు, ఇంకో నెల ఏబీఎస్ లైటు వెలుగుతుంది. ఏ ఒక్కటీ పెద్ద రిపేరు కాదు, కానీ ఆగదు. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ లైట్లు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఎయిర్‌బ్యాగ్ లైటు అసలు వెలగనే లేదంటే దాన్ని ఎవరో తీయించి ఉండొచ్చు, అడగండి.

టైర్ల మీద గీతలొక్కటే చూడకండి. పక్కగోడ మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గీత లోతుగా ఉన్నా అంత పాత రబ్బరు బిగుసుకుని ఉంటుంది, మార్చాల్సిందే.

ఛాసిస్ నంబరును కారు మీద చూసి ఆర్సీతో అంకె అంకె పోల్చండి. దీనికి రెండు నిమిషాలు చాలు.

మన కారు రిపోర్టులో మూడు తేలాయనుకుందాం:

- నాలుగు టైర్లు: 20,000
- బ్యాటరీ: 5,500
- ముందు సస్పెన్షన్ బుష్‌లు: 7,000

మొత్తం 32,500. నీళ్ళ గుర్తులు ఏమీ లేవు.

## 4. ధర కట్టే లెక్క

చుట్టాల మధ్య బేరం ఆడితే నామోషీ, ఆడకపోతే మనసులో మిగిలిపోతుంది. కాబట్టి బేరం బదులు లెక్క పెట్టుకోవడం మంచిది. లెక్కకు రెండు అంకెలు కావాలి.

మొదటిది కింది ధర: మామయ్య ఈ కారును రేపు డీలరుకు ఇస్తే చేతికి ఎంత వస్తుంది? పాత కార్లు కొనే కంపెనీలు, డీలర్లు ఇద్దరు ముగ్గురి దగ్గర అడగండి. ఫోనులో చెప్పే రేటు లెక్కలోకి రాదు, కారు చూశాక దాన్ని కోస్తారు. చూసి చెప్పిన రేటే తీసుకోండి. మన ఉదాహరణలో 4,18,000.

రెండోది పై ధర: ఇదే ఏడు, ఇదే మోడల్, దాదాపు ఇన్నే కిలోమీటర్లు తిరిగిన కారును డీలరు దగ్గర మీరు కొంటే ఎంత అడుగుతారు? నాలుగైదు కార్ల ధరలు చూసి మధ్యలోది తీసుకోండి. వారంటీ కలిపి చెప్పిన ధరయితే వారంటీ లేని ధర అడగండి. మామయ్య మనకు వారంటీ ఇవ్వడం లేదు కదా. ఇది 5,00,000 అనుకుందాం.

ఇప్పుడు రిపేర్లు. చాలామంది తప్పు చేసేది ఇక్కడ. కింది ధర కారును చూసి చెప్పింది, అందులో టైర్లు, బ్యాటరీ లోపాలు ఇప్పటికే కోసేశారు. పై ధర బాగుచేసి నిలబెట్టిన కారుది. కాబట్టి రిపేరు ఖర్చును పై ధర నుంచి మాత్రమే తీయాలి. చివరి ధర నుంచి తీస్తే అమ్మేవారికి అన్యాయం, ఎందుకంటే ఒకే లోపానికి రెండోసారి కోసినట్టవుతుంది.

5,00,000 నుంచి 32,500 తీస్తే 4,67,500. దీనికీ 4,18,000కూ నడిమధ్య 4,42,750. గుండుగా 4,43,000.

ఈ ధరలో మామయ్యకు డీలరు ఇచ్చేదానికంటే 25,000 ఎక్కువ. మేనల్లుడికి రిపేర్లతో కలిపి 4,75,500 అవుతుంది, డీలరు దగ్గర కొనేదానికంటే 24,500 తక్కువ. మధ్యలో డీలరుకు పోవాల్సిన లాభాన్ని ఇద్దరూ దాదాపు సమానంగా పంచుకున్నారు. ఎవరూ ఎవరికీ రుణపడలేదు. ఈ లెక్కను కాగితం మీద వేసి ఇద్దరూ చూడండి. ఆ కాగితం పారేయకండి.

మామయ్య "నీకేగా, నాలుగు లక్షలివ్వు చాలు" అంటే తీసుకోవచ్చు. అప్పుడూ ముందు ఈ లెక్క చూపించి, 43,000 ఆయన ప్రేమతో తగ్గిస్తున్నదని ఇద్దరికీ తెలిసేలా చేయండి. అది తెలియకపోతే, తర్వాత కారు ఎక్కువకు పోయేదని ఎవరో అన్నప్పుడు మనసు మారుతుంది. ఒప్పంద పత్రంలో మాత్రం నిజంగా ఇచ్చిన మొత్తమే రాయాలి.

ఇన్సూరెన్స్ కాగితంలోని ఐడీవీని ధరగా పట్టుకోకండి. అది పాలసీ కోసం కట్టిన విలువ. ఐదేళ్ళు దాటిన కార్లకు అది కంపెనీ, ఓనరు మాట్లాడుకుని పెట్టుకునేది.

## 5. ఒప్పంద పత్రం: ఒక పేజీ చాలు

నూరు రూపాయల స్టాంపు కాగితం మీద ఒక పేజీ. రెండు కాపీలు, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. సాక్షుల్లో ఒకరు మామయ్య ఇంటి నుంచి ఉంటే మంచిది. తెలుగులో రాసుకోవచ్చు, ఇద్దరికీ అర్థమయ్యే భాషే మేలు.

ఇవి తప్పకుండా ఉండాలి:

- ఇద్దరి పూర్తి పేర్లు, చిరునామాలు
- బండి నంబరు, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు
- ఆ రోజు మీటరు మీద ఉన్న కిలోమీటర్లు
- మొత్తం ధర, ఎలా, ఏ తేదీన ఇచ్చారు
- కారు అప్పగించిన తేదీ, సమయం
- ఆ సమయం వరకు చలాన్లు, లోను బాకీలు అమ్మినవారివి, ఆ తర్వాతవి కొన్నవారివి అన్న వాక్యం
- అమ్మినవారికి తెలిసిన లోపాలు (మన ఉదాహరణలో టైర్లు, బ్యాటరీ, బుష్‌లు)
- ఆర్సీ మార్పిడికి దరఖాస్తు ఎవరు, ఏ తేదీలోగా చేస్తారు, ఖర్చు ఎవరిది
- కొన్నాక బయటపడే లోపాల సంగతి

సమయం రాయమన్నది ఊరికే కాదు. ఉదయం 11:20కి కారు అప్పగిస్తే, అదే రోజు ఉదయం తొమ్మిదింటికి సిగ్నల్ దాటిన ఫోటో చలాన్ మామయ్యది, సాయంత్రం ఆరింటిది మేనల్లుడిది. అప్పగించేటప్పుడు మీటరు కనిపించేలా ఒక ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి.

చివరి అంశమే గొడవలకు మూలం. ఇలా రాసుకోవచ్చు: "అప్పగించిన 30 రోజుల్లో లేదా 1,000 కిలోమీటర్లలో, ఏది ముందైతే అది, ఇంజన్‌లో గానీ గేర్‌బాక్స్‌లో గానీ పెద్ద లోపం బయటపడితే రిపేరు ఖర్చు ఇద్దరం చెరిసగం భరిస్తాము. అరిగిపోయే భాగాలు, గడువు తర్వాత వచ్చే ఏ రిపేరైనా కొన్నవారివే." ఈ వాక్యం ఉంటే నలభై ఐదో రోజున ఏసీ చల్లగా రాకపోయినా మామయ్యకు ఫోన్ చేయాల్సిన పని లేదు.

## 6. డబ్బు

బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఆర్సీలో పేరున్నవారి ఖాతాకే పంపండి, వివరంలో బండి నంబరు రాయండి. ఒక లావాదేవీకి రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు. జరిమానా తీసుకున్నవారికే, అదీ తీసుకున్నంత మొత్తం. రోజుకు లక్ష చొప్పున నాలుగు రోజులు తీసుకున్నా కారు ఒక్కటే కాబట్టి లావాదేవీ ఒక్కటే.

మామయ్యకు ఇంకో సందేహం రావచ్చు: ఈ డబ్బు మీద పన్ను కట్టాలా అని. సొంతానికి వాడుకున్న కారు అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. వ్యాపారం లెక్కల్లో చూపించిన కారయితే మాత్రం ఆడిటర్‌ను అడగాలి.

వాయిదాల్లో ఇచ్చుకునేట్టయితే "మిగతాది దసరాకి" అన్న మాట మీద వదిలేయకండి. మిగిలిన మొత్తానికి తేదీలతో ప్రాంసరీ నోటు రాసి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేసి ఇవ్వండి. డబ్బు మొత్తం తీరేదాకా ఆర్సీ మార్పిడి ఆపుకుందామనే ఆలోచన మాత్రం వద్దు. అలా ఆపితే ఆ నెలలన్నీ ప్రమాదం భారం మామయ్య మీద, ఇన్సూరెన్స్ చిక్కు మేనల్లుడి మీద ఉంటుంది. బాకీకి నోటు ఉంది, అది చాలు.

## 7. ఆర్టీఏలో మార్పిడి

అమ్మినవారు రాష్ట్రంలోపల అయితే 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఇద్దరూ కలిసి 14 రోజుల్లో ముగించేయడం మేలు.

తెలంగాణ రవాణా శాఖ వెబ్‌సైట్ transport.telangana.gov.in లో ఓనర్‌షిప్ మార్పిడికి వివరాలు నింపి, ఫీజు కట్టి, స్లాట్ తీసుకోవాలి. ఫీజు ఎంతో తెర మీదే కనిపిస్తుంది. ఫైనాన్స్ తొలగింపు ఉంటే అదీ వేసుకోవాలి. మన ఉదాహరణలో రెండూ ఉన్నాయి.

పట్టుకెళ్ళాల్సినవి:

- అసలు ఆర్సీ
- కారు అమ్మినట్టు తెలిపే ఫారం 29 రెండు కాపీలు
- పేరు మార్పిడి దరఖాస్తు ఫారం 30 (ఒక భాగం అమ్మేవారు, ఇంకో భాగం కొనేవారు నింపాలి)
- బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 రెండు కాపీలు
- గడువులో ఉన్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్
- ఇద్దరి ఆధార్, పాన్, కొనేవారి చిరునామా రుజువు
- ఫీజు రసీదు, స్లాట్ కాగితం

ఆగిపోయే కారణాలు ఎక్కువగా రెండే. ఒకటి సంతకం తేడా: మామయ్య ఇప్పుడు పెట్టే సంతకం అప్పట్లో ఆర్టీఏలో ఇచ్చినట్టు ఉండదు. అందుకే ఆయన్ను వెంట తీసుకెళ్ళడం ఉత్తమం. రెండోది పేర్లలో తేడా: ఆర్సీలో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తిగా. స్లాట్‌కు ముందే చూసుకోండి.

ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఇవ్వొద్దు, తీసుకోవద్దు. తేదీ, కొనేవారి పేరు లేని ఫారం 29 ఎవరి చేతికి పోతే వాళ్ళ పేరు రాసుకోవచ్చు. చుట్టాలైనా ఏజెంటు చేతిలో పెట్టేది ఆ కాగితమే.

కొత్త ఆర్సీ రాగానే పేరు అక్షరాలు, చిరునామా, ఛాసిస్ నంబరు, బ్యాంకు పేరు పోయిందా లేదా చూడండి. దాని ఫోటోను అదే రోజు మామయ్యకు పంపండి. ఆయనకు అదే రసీదు.

## 8. ఇన్సూరెన్స్: 14 రోజులు

కారు చేతులు మారగానే థర్డ్ పార్టీ భాగం కొన్నవారికి దానంతటదే వర్తిస్తుంది. సొంత కారు దెబ్బతింటే వచ్చే ఓన్ డ్యామేజ్ భాగం అలా రాదు. పాలసీ పేరు మార్చమని 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కంపెనీకి రాయాలి. ఆర్సీ కొత్త పేరుతో, పాలసీ పాత పేరుతో ఉన్న సమయంలో కారు గుద్దుకుంటే ఆ క్లెయిమ్ తిప్పికొట్టే అవకాశం చాలా ఎక్కువ. కొత్త ఆర్సీ వచ్చేదాకా ఆగకండి. ఫారం 29, 30 కాపీలు, ఆర్టీఏ రసీదుతో దరఖాస్తు పెట్టి, ఆర్సీ రాగానే పంపండి.

నో క్లెయిమ్ బోనస్ మనిషిది, కారుది కాదు. మామయ్య దాన్ని సర్టిఫికెట్‌గా తీసుకుని, మూడేళ్ళలో కొనే తన తర్వాతి కారుకు వాడుకోవచ్చు. మిగిలిన నెలలకు ఆ తగ్గింపు మొత్తాన్ని కొన్నవారు కట్టాలి. ఉదాహరణకు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000, బోనస్ 50 శాతం అంటే తగ్గింపు 4,000. పాలసీ ఆరు నెలలు మిగిలి ఉంటే దాదాపు 2,000, దానిపై పన్ను. ఓనర్ డ్రైవర్ వ్యక్తిగత ప్రమాద బీమా కూడా కొన్నవారు తమ పేరున తీసుకోవాలి.

## 9. తాళాలు తీసుకున్న రోజు

- రెండో తాళం, స్టెప్నీ, జాకీ, మాన్యువల్ ఉన్నాయా
- మామయ్య ఫాస్టాగ్ ఆయన మూసేయాలి, మీరు కొత్తది తీసుకోవాలి. లేకపోతే మీ టోలు ఆయన ఖాతా నుంచి పోతుంది
- ఫోనుతో నడిచే కారు యాప్ ఉంటే ఆయన ఖాతా తీసేయించండి. లేదంటే కారు ఎక్కడుందో ఆయన ఫోనులో కనిపిస్తూనే ఉంటుంది
- సర్వీస్ సెంటర్‌లో మీ నంబరు పెట్టించండి
- ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంటే పేరు మార్పు అడగండి

## 10. ఇప్పటికే కాగితాలు లేకుండా కొని ఉంటే

ఏడాది కిందో రెండేళ్ళ కిందో కొని, ఇంకా పాత పేరుతోనే నడుపుతున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. అమ్మినవారు అందుబాటులో ఉన్నప్పుడే ఈ పని చేయాలి. ముందు ఈ-చలాన్లు చూసి, కారు మీ దగ్గరికి వచ్చాక పడ్డవన్నీ మీరు కట్టండి. ఇన్సూరెన్స్ గడువు పోయి ఉంటే అది ముందు చేయించాలి, లేకుండా ఆర్టీఏలో పని జరగదు. తర్వాత ఒప్పంద పత్రం రాసుకోండి. అందులో కారు నిజంగా అప్పగించిన పాత తేదీ, సంతకం పెడుతున్న నేటి తేదీ రెండూ వేరువేరుగా రాయాలి. వెనక్కి తేదీ వేసి సంతకం పెట్టకండి. ఆలస్యానికి ఆర్టీఏ అడిగే మొత్తం కట్టి స్లాట్ తీసుకోండి.

అమ్మినవారు ఈలోగా చనిపోతే ఆయన సంతకం ఉన్న పాత ఫారాలు ఎవరో దాచి ఉంచినా వాటిని వాడొద్దు. వారసులతో మాట్లాడి ఫారం 31 దారిలోనే వెళ్ళాలి. డబ్బు అప్పట్లో బ్యాంకు ద్వారా ఇచ్చి ఉంటే ఆ స్టేట్‌మెంట్ తీసి పెట్టుకోండి. వారసుల ముందు పెట్టాల్సిన మొదటి కాగితం అదే.